సోర్స్ ఫాలోవర్ గెయిన్ 0.83 దగ్గరే ఆగిపోతోంది: కారణం λనా, బాడీ ఎఫెక్టా?

కొత్తసర్క్యూట్
అందరికీ నమస్కారం. ఎంటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఒక ఎన్‌మాస్ సోర్స్ ఫాలోవర్‌ను ముందు కాగితం మీద లెక్కకట్టి, తర్వాత ngspiceలో నడిపాను. రెండింటికీ పొంతన కుదరడం లేదు.

```
source follower
VDD vdd 0 3.3
VIN in 0 DC 2.0 AC 1
M1 vdd in out 0 NM W=20u L=1u
IB out 0 108u
.model NM NMOS (LEVEL=1 VTO=0.7 KP=120u
+ GAMMA=0.5 PHI=0.8 LAMBDA=0.05)
.op
.ac dec 10 1 1k
.end
```

నా లెక్క ఇలా సాగింది. KP·W/L విలువ 2.4 mA/V². స్క్వేర్ లా ప్రకారం 108 µA పారాలంటే ఓవర్‌డ్రైవ్ 0.3 V ఉండాలి. గేటు 2.0 V దగ్గర ఉంది కాబట్టి అవుట్‌పుట్ 2.0 − 0.7 − 0.3 = 1.0 V రావాలి. కింద ఉన్నది ఆదర్శ కరెంట్ సోర్స్, అంటే లోడు ఏమీ లేనట్టే. కాబట్టి గెయిన్ దాదాపు 1 ఉండాలి.

సిమ్యులేటర్ మాత్రం అవుట్‌పుట్ 0.827 V అంటోంది, గెయిన్ 0.832 అంటోంది. ఇంత తేడా ఛానల్ లెంగ్త్ మాడ్యులేషన్ వల్ల వచ్చిందనే అనుకుంటున్నాను. L పెంచితే సరిపోతుందా?

చిన్నఛానల్
అవును, λ వల్లే. ఆదర్శ స్క్వేర్ లాలో శాచురేషన్ దాటాక కరెంటు VDS మీద ఆధారపడదు. అసలు ట్రాన్సిస్టర్‌లో ఆధారపడుతుంది. ఆ వాలు వల్ల అవుట్‌పుట్‌కు సమాంతరంగా ro వచ్చి చేరుతుంది, గెయిన్ తగ్గుతుంది. L రెట్టింపు చేసి చూడండి.

పాతసిలికాన్
చిన్నఛానల్ గారూ, ro అవుట్‌పుట్‌కు సమాంతరంగా వస్తుందన్నది నిజమే. కానీ ఎంత వస్తుందో లెక్కకట్టకుండా తప్పును దాని మీద వేయకూడదు. ఇక్కడ gds సుమారు 4.8 µS, gm సుమారు 763 µS. నూటికి ఒక వంతు కూడా కాదు. λ ఒక్కటే ఉంటే గెయిన్ 0.994 వచ్చేది.

అసలు చిన్న సిగ్నల్ దాకా వెళ్లకముందే డీసీ విలువ జవాబు చెబుతోంది. λ ఉంటే అదే కరెంటు కొంచెం తక్కువ ఓవర్‌డ్రైవ్‌తోనే పారుతుంది. ఇక్కడ VDS సుమారు 2.47 V కాబట్టి 1 + λVDS విలువ 1.124, దాంతో ఓవర్‌డ్రైవ్ 0.3 నుంచి 0.283కు దిగుతుంది. ఓవర్‌డ్రైవ్ తగ్గితే అవుట్‌పుట్ 1.0 V కంటే *పైకి* వెళ్లాలి. మీకు 0.827కు పడిపోయింది. λ నెట్టే దిశ వేరు, మీరు చూసిన దిశ వేరు. దాన్ని కిందికి లాగింది థ్రెషోల్డ్.

మీ నెట్‌లిస్టులో M1 నాలుగో కాలు, అంటే బల్క్, 0కు కలిపి ఉంది, సోర్సు 0.8 V పైన కూర్చుంది. కాబట్టి సోర్సు-బల్క్ వోల్టేజీ VSB సున్నా కాదు, దాంతో థ్రెషోల్డ్ పెరుగుతుంది. ఇదే బాడీ ఎఫెక్ట్. థ్రెషోల్డ్‌కు ఈ లెక్క వేయండి:

`VT = VTO + GAMMA·(√(PHI + VSB) − √PHI)`

VSB = 0.827 పెడితే √1.627 = 1.2755, √0.8 = 0.8944. తేడాలో సగం 0.19. VT 0.7 కాదు, 0.89. ఇప్పుడు 2.0 − 0.89 − 0.283 = 0.827. మిల్లీవోల్టుతో సహా మీ సిమ్యులేటర్ చెప్పిందే వచ్చింది.

కొత్తసర్క్యూట్
చాలా ధన్యవాదాలండీ. GAMMA=0 పెట్టి మళ్లీ నడిపాను, గెయిన్ 0.994 వచ్చింది. తర్వాత GAMMA వెనక్కి పెట్టి LAMBDA=0 చేశాను, 0.836 వచ్చింది. కారణం బాడీ ఎఫెక్టేనని తేలిపోయింది.

అయినా ఒక సందేహం మిగిలింది. థ్రెషోల్డ్ 0.7 నుంచి 0.89కు జరిగితే డీసీ స్థాయి మారాలి, అది సరే. గెయిన్ ఎందుకు తగ్గాలి? అదొక స్థిరమైన ఆఫ్‌సెట్ కదా?

పాతసిలికాన్
స్థిరమైనది అయితే మీరన్నట్టే జరిగేది. కానీ ఫాలోవర్‌లో సోర్సే అవుట్‌పుట్. సిగ్నల్‌తో పాటు VSB ఊగుతుంది, దాంతో పాటే థ్రెషోల్డ్ కూడా ఊగుతుంది.

లోపల జరిగేది చూద్దాం. గేటు మీద చేరిన ధనావేశానికి సరితూగే ఋణావేశం కింద సిలికాన్‌లో ఉండాలి. అందులో ఒక వాటా కదిలే ఎలక్ట్రాన్లది, అదే ఛానల్. రెండో వాటా డిప్లీషన్ పొరలో కదలకుండా ఉన్న అయాన్లది. సోర్సు బల్క్ కంటే పైకి లేచినకొద్దీ డిప్లీషన్ పొర మందం పెరుగుతుంది, మరిన్ని అయాన్లు బయటపడతాయి. గేటు ఆవేశంలో వాటి వాటా పెరుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్లకు మిగిలేది తగ్గుతుంది. అదే కరెంటు నిలవాలంటే గేటు ఇంకాస్త పైకి రావాలి. పొర మందం వోల్టేజీ వర్గమూలంతో పెరుగుతుంది గనుకనే సూత్రంలో ఆ వర్గమూలాలు. బల్క్‌లో డోపింగ్ ఎక్కువైనా, గేటు ఆక్సైడ్ మందమైనా GAMMA పెరుగుతుంది.

ఇప్పుడు మీ ఫాలోవర్ సంగతి. కరెంటు మారకుండా అవుట్‌పుట్ ఒక చిన్న మెట్టు పైకి ఎక్కాలంటే, గేటు ఆ మెట్టుతో పాటు థ్రెషోల్డ్ పెరిగినంత కూడా ఎక్కాలి. థ్రెషోల్డ్ పెరిగే రేటు ఆ సూత్రం వాలు:

`χ = GAMMA / (2·√(PHI + VSB)) = 0.5 / (2 × 1.2755) = 0.196`

అవుట్‌పుట్ 1 కదిలితే గేటు 1.196 కదలాలి. gds వాటా 0.006 కూడా కలిపితే గెయిన్ 1/1.202, అంటే 0.832. `.op` తర్వాత `print @m1[gm] @m1[gmbs] @m1[gds]` అని అడగండి. gmbs సుమారు 150 µS, gds సుమారు 4.8 µS కనబడాలి. మీ సర్క్యూట్‌లో ఎవరి బలం ఎంతో ఆ రెండు అంకెలే చెబుతాయి.

బ్రెడ్‌బోర్డు
నాకు ఇదంతా వింతగా ఉంది. నేను 2ఎన్7000 తెచ్చి ఇదే సర్క్యూట్ బోర్డు మీద కట్టాను. ఓసిల్లోస్కోప్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ దాదాపు ఒకే ఎత్తులో వచ్చాయి. 0.83 లాంటిది ఎక్కడా కనబడలేదు. సిమ్యులేటర్ మోడల్‌లోనే ఏదో తేడా ఉందేమో. అసలు ట్రాన్సిస్టర్‌ను కొలిస్తే సరిపోతుంది కదా.

లేఅవుట్‌గది
బ్రెడ్‌బోర్డు గారూ, 2ఎన్7000కు మూడే కాళ్లు. నాలుగోది లోపలే సోర్సుకు కలిపేసి ఉంటుంది. డేటాషీట్ గుర్తులో సోర్సు నుంచి డ్రెయిన్‌కు ఒక డయోడు గీసి ఉంటుంది చూడండి, అది ఆ కలపడం వల్ల మిగిలిందే. VSB ఎప్పుడూ సున్నా కాబట్టి మీరు ఎంత కొలిచినా ఆ భాగంలో బాడీ ఎఫెక్ట్ కనబడదు. మీ కొలత సరైనదే, కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

బోర్డు మీదే చూడాలనుకుంటే సీడీ4007 తెచ్చుకోండి. అందులో మూడు ఎన్‌మాస్‌లు, మూడు పీమాస్‌లు ఉంటాయి. ఎన్‌మాస్‌లన్నిటి బల్క్ 7వ పిన్నుకు వస్తుంది. 6, 7, 8 పిన్నుల్లో ఉన్న ఎన్‌మాస్ సోర్సు కూడా 7వ పిన్నుకే కలిసి ఉంటుంది, అది వద్దు. 3 గేటు, 4 సోర్సు, 5 డ్రెయిన్‌గా ఉన్నదాన్ని తీసుకోండి.

3, 5 కలిపి పెద్ద రెసిస్టర్ ద్వారా కొద్ది మైక్రో ఆంపియర్లు పంపండి. 4ను గ్రౌండుకు కలపండి. 14ను సర్క్యూట్‌లో అన్నిటికంటే ఎక్కువ వోల్టేజీకి కలపాలి. వాడని గేట్లు 6, 10ను గాలిలో వదలకుండా 7కు కట్టండి. ఇక 7వ పిన్నును 0 నుంచి మైనస్ 1, మైనస్ 2 అంటూ మైనస్ 5 V దాకా దించుతూ 3వ పిన్ను దగ్గర వోల్టేజీ రాసుకోండి. 7కూ 14కూ మధ్య మొత్తం డేటాషీట్ హద్దు దాటకుండా చూసుకోవాలి. కరెంటు అదే ఉంటుంది, గేటు వోల్టేజీ మాత్రం ఎక్కుతూ పోతుంది. మొదటి వోల్టుకు ఎక్కినంత చివరి వోల్టుకు ఎక్కదు, వర్గమూలం అక్కడ కంటికే కనబడుతుంది. 7వ పిన్నును పొరపాటున కూడా 4 కంటే పైకి తీసుకెళ్లకండి, బల్క్-సోర్సు జంక్షన్ ఫార్వర్డ్‌లోకి వస్తుంది.

బ్రెడ్‌బోర్డు
సీడీ4007 దొరికింది. మీరు చెప్పినట్టే కట్టాను, 7ను దించుతుంటే మీటరు అంకె నిజంగానే ఎక్కుతోంది, మెట్టు మెట్టుకూ ఎక్కడం తగ్గుతోంది. ఇప్పుడు దీన్నే ఫాలోవర్‌గా మార్చి చూస్తాను.

చిన్నఛానల్
అయితే పరిష్కారం తేలికే. నెట్‌లిస్టులో నాలుగో కాలును 0 బదులు outకు మార్చండి. `M1 vdd in out out NM W=20u L=1u` అంతే. గెయిన్ 0.99 దాటుతుంది.

లేఅవుట్‌గది
సిమ్యులేటర్‌లో దాటుతుంది. చిప్‌లో కుదరాలి కదా! మామూలు ఎన్-వెల్ ప్రాసెస్‌లో ఎన్‌మాస్‌లన్నీ ఒకే పి-సబ్‌స్ట్రేట్‌లో కూర్చుంటాయి. ఆ సబ్‌స్ట్రేట్ గ్రౌండుకు కట్టి ఉంటుంది. ఒక ట్రాన్సిస్టర్ బల్క్‌ను outకు కలిపానంటే అవుట్‌పుట్‌ను సబ్‌స్ట్రేట్ ద్వారా గ్రౌండుకు షార్ట్ చేసినట్టే. లేఅవుట్‌ను స్కీమాటిక్‌తో పోల్చే తనిఖీలోనే ఇది ఆగిపోతుంది.

దారులు రెండున్నాయి. డీప్ ఎన్-వెల్ ఉన్న ప్రాసెస్ అయితే ఎన్‌మాస్‌కు విడి పి-వెల్ కట్టి దాన్ని సోర్సుకు కలపవచ్చు, చోటు బాగా తింటుంది. లేదా పీమాస్ ఫాలోవర్ వాడాలి. పీమాస్‌కు ఎన్-వెల్ ఎలాగూ ఉంటుంది, దాన్ని విడిగా గీసి సోర్సుకే కట్టేయవచ్చు. అప్పుడు χ పోతుంది. కానీ అవుట్‌పుట్ స్థాయి గేటు కంటే పైకి జరుగుతుంది, హోల్స్ నెమ్మది కాబట్టి అదే gmకు వెడల్పు ఎక్కువ కావాలి. పైగా ఆ వెల్‌కూ సబ్‌స్ట్రేట్‌కూ మధ్య ఉన్న జంక్షన్ కెపాసిటెన్స్ మొత్తం అవుట్‌పుట్ మీద పడుతుంది. నెమ్మది సిగ్నళ్లకు పరవాలేదు, వేగం కావాలంటే బేరీజు వేసుకోవాలి.

గడియారపుముల్లు
నేను డిజిటల్ వైపు మనిషిని, అనలాగ్ అంతగా తెలియదు. మా దగ్గర ఇది వేరే రూపంలో తగులుతుంది. ఎన్‌మాస్ పాస్ ట్రాన్సిస్టర్ ద్వారా 1 పంపితే అవుట్‌పుట్ VDD మైనస్ థ్రెషోల్డ్ దాకానే వెళ్తుందని అందరికీ తెలుసు. పై మోడల్‌తోనే వేస్తే 3.3 − 0.7 = 2.6 V రావాలి. కానీ అవుట్‌పుట్ ఎక్కేకొద్దీ థ్రెషోల్డ్ కూడా ఎక్కుతుంది కదా, రెండూ కలిసే చోటు వెతికితే 2.18 V దగ్గర తేలింది, థ్రెషోల్డ్ అక్కడ 1.12 V. తర్వాతి ఇన్వర్టర్ పీమాస్ థ్రెషోల్డ్ కూడా 0.7 V దరిదాపుల్లో ఉందనుకుంటే, దాని సోర్సుకూ గేటుకూ మధ్య 1.1 V మిగిలిపోయి అది ఆఫ్ కాదు, ఊరికే కరెంటు పారుతూ ఉంటుంది. ఇదీ బాడీ ఎఫెక్టేనా, లేక నేను వేరే సంగతి కలుపుతున్నానా?

పాతసిలికాన్
అదేనండీ. సోర్సు పైకి లేచే ప్రతి చోటా ఉంటుంది. మీ లెక్క సరిగ్గా ఉంది. అయితే కచ్చితంగా 2.18 దగ్గర ఆగదు, ఆ తర్వాత సబ్‌థ్రెషోల్డ్ కరెంటుతో చాలా నెమ్మదిగా ఇంకాస్త ఎక్కుతుంది. స్క్వేర్ లాకు ఆ ప్రాంతం తెలియదు.

కొత్తసర్క్యూట్ గారికి ఇంకొక మాట. మీ ఫాలోవర్‌లో 0.83 అన్నది కూడా ఒక్క చోటి అంకే. అవుట్‌పుట్ 0.2 V దగ్గర ఉంటే χ 0.25, గెయిన్ 0.796. అవుట్‌పుట్ 1.5 V దగ్గర χ 0.165, గెయిన్ 0.854. పెద్ద సిగ్నల్ పంపితే పై సగానికీ కింది సగానికీ గెయిన్ వేరవుతుంది, అది వక్రీకరణగా బయటపడుతుంది. గెయిన్ తక్కువైతే తర్వాతి స్టేజీలో సరిచేసుకోవచ్చు. గెయిన్ ఇలా ఊగడమే అసలు బాధ.

కొత్తసర్క్యూట్
మరి λ ఎక్కడ ముఖ్యం? ఈ సర్క్యూట్ చూశాక దాన్ని పట్టించుకోనక్కర్లేదేమో అనిపిస్తోంది. కామన్ సోర్స్ కూడా కట్టాను. కింద ఇదే ఎన్‌మాస్, పైన అంతే λ ఉన్న పీమాస్ కరెంట్ సోర్స్. గెయిన్ 70 చుట్టూ వస్తోంది. చిన్నఛానల్ గారి సలహా ప్రకారం రెండింటికీ W, L రెట్టింపు చేశాను. గెయిన్‌లో మార్పే లేదు! L పెంచితే ro పెరగాలి కదా?

పాతసిలికాన్
మంచి చోట పట్టుకున్నారు. కామన్ సోర్స్‌లో సోర్సు గ్రౌండు మీదే ఉంది, VSB సున్నా, బల్క్ కదలదు. బాడీ ఎఫెక్ట్ అక్కడ నోరెత్తదు. ఇక డ్రెయిన్ దగ్గర కరెంటును ఎదిరించేది gdsలు మాత్రమే. గెయిన్ gm/(gds1 + gds2). λ స్థూలంగా వేస్తే 720 µS కింద 5.4 + 5.4 µS, అంటే 67. 1 + λVDS కూడా కలిపితే మీ 70 వస్తుంది. ఫాలోవర్‌లో లెక్కకు రాని λ ఇక్కడ సర్వస్వం.

L రెట్టింపు చేసినా గెయిన్ మారకపోవడం LEVEL=1 మోడల్ స్వభావం. 1968లో షిక్‌మన్, హాడ్జెస్ రాసిన మోడల్ అది, అందులో LAMBDA మీరిచ్చిన స్థిరాంకం. దానికి మీ L సంగతి తెలియదు. అసలు ట్రాన్సిస్టర్‌లో డ్రెయిన్ వోల్టేజీ పెరిగితే పించ్-ఆఫ్ చోటు సోర్సు వైపు కాస్త జరుగుతుంది, ఛానల్ ΔL మేర పొట్టిదవుతుంది. కరెంటు పెరిగేది ΔL/L నిష్పత్తిలో. ΔL దాదాపు అంతే ఉండి L రెట్టింపైతే λ సగమవుతుంది. ఆ పని మీరే చేయాలి: L=2u పెట్టినప్పుడు LAMBDA=0.025 రాయండి. W/L, కరెంటు మారలేదు గనుక gm అంతే ఉంటుంది, గెయిన్ దాదాపు రెట్టింపవుతుంది. అంత గెయిన్ ఉన్నప్పుడు రెండు కరెంట్లు కొంచెం సరితూగకపోయినా అవుట్‌పుట్ ఒక మూలకు పోతుంది, బయాస్ మళ్లీ సరిచూసుకోండి.

చిన్నఛానల్
L పెంచమన్న నా సలహా ఈ సర్క్యూట్‌కైతే చెల్లుతుందన్నమాట. ఇక్కడే నాదొక ప్రశ్న. కొందరు 1 + λVDS అని రాస్తారు, కొందరు 1 + λ(VDS − Vov) అని రాస్తారు. రెండోదే సరైనది కదా? ఛానల్ పొట్టిదవడం శాచురేషన్ మొదలయ్యాకే జరుగుతుంది.

పాతసిలికాన్
భౌతికంగా రెండోది దగ్గర. శాచురేషన్ అంచున అది 1 అవుతుంది కాబట్టి ట్రయోడ్ సూత్రంతో అతుకు లేకుండా కలుస్తుంది. మొదటిది వాడి, ట్రయోడ్ సూత్రాన్ని మార్చకుండా అలాగే ఉంచితే, VDS = 0.3 V దగ్గర మీ గీత 1.5 శాతం ఎగిరిపడుతుంది. సిమ్యులేటర్ ఆ చిక్కును ఇంకో దారిలో తప్పించుకుంటుంది: ట్రయోడ్ ప్రాంతాన్ని కూడా అదే 1 + λVDSతో గుణిస్తుంది. అక్కడ దానికి భౌతిక అర్థం లేదు, గీత విరగకుండా ఉండటానికే.

నా మట్టుకు నేను చేతి లెక్కకు మొదటిదే వాడతాను. λ అనేదే కొలిచిన గీతకు ఒక చోట అతికించిన సరళరేఖ వాలు, Vov తీసేసినంత మాత్రాన దానికి లేని కచ్చితత్వం రాదు. చిన్న ఛానళ్లలో డ్రెయిన్ వోల్టేజీ థ్రెషోల్డ్‌నే దించేస్తుంది, అది కూడా gdsలోనే కలిసిపోతుంది.

చిన్నఛానల్
నాకు ఇంకా రెండోదే నచ్చుతుంది. తక్కువ VDS మీద నడిచే సర్క్యూట్లలో శాచురేషన్ అంచుకు దగ్గరగా ఉంటాం, అక్కడ తేడా కనబడుతుంది.

లేఅవుట్‌గది
శాచురేషన్ అంచు అన్నారు గనుక అడుగుతున్నాను. పాతసిలికాన్ గారూ, ఆ అంచు Vov దగ్గరేనంటారా? ఛానల్ వెంట డ్రెయిన్ వైపు వెళ్లేకొద్దీ ఛానల్ వోల్టేజీ బల్క్ కంటే పెరుగుతుంది, అక్కడ డిప్లీషన్ పొర మరింత మందం. అంటే బాడీ ఎఫెక్ట్ ఛానల్ పొడవునా పనిచేస్తోంది. స్క్వేర్ లా మాత్రం సోర్సు దగ్గర ఒక్కసారి VT సరిచేసి ఊరుకుంటుంది.

పాతసిలికాన్
ఊరుకుంటుంది, నిజమే. దాన్ని లెక్కలోకి తీసుకుంటే శాచురేషన్ Vov/n దగ్గరే వస్తుంది, కరెంటు కూడా n మేర తగ్గుతుంది. n సుమారు 1 + χ.

`ID = (KP/2n)·(W/L)·(VGS − VT)²`

పై ట్రాన్సిస్టర్‌కు n దాదాపు 1.2. LEVEL=2 ఈ సంగతిని వర్గమూలాల ఘనాలతో పూర్తిగా రాస్తుంది, LEVEL=1 అసలు రాయదు. అయితే KPని కొలిచిన కరెంటు నుంచే తీసి ఉంటే ఆ 1.2 అప్పటికే KPలో కరిగిపోయి ఉంటుంది, మళ్లీ n పెడితే రెండుసార్లు తీసివేసినట్టవుతుంది. కొత్తసర్క్యూట్ గారూ, మీ 120u ఎక్కడి నుంచి వచ్చింది? మొబిలిటీని ఆక్సైడ్ కెపాసిటెన్స్‌తో గుణించిందా, గీత నుంచి తీసిందా?

కొత్తసర్క్యూట్
ల్యాబ్ నోట్సులో ఇచ్చిన విలువ అండీ. ఎలా తీశారో అందులో లేదు. రేపు ల్యాబ్‌లో అడిగి రాస్తాను. ఈలోగా పీమాస్ ఫాలోవర్ గీసి, వెల్ కెపాసిటెన్స్ పెట్టినప్పుడు బ్యాండ్‌విడ్త్ ఎంత పడిపోతుందో చూస్తాను.

బ్రెడ్‌బోర్డు
సీడీ4007 ఫాలోవర్ కట్టాను. 2ఎన్7000తో పోలిస్తే అవుట్‌పుట్ ఎత్తు స్పష్టంగా తగ్గింది. పెద్ద సైన్ వేవ్ పంపితే కింది సగం పై సగం కంటే నొక్కుకుపోయినట్టు కూడా కనబడుతోంది. కింద కరెంట్ సోర్స్ బదులు 10 k రెసిస్టర్ పెట్టాను, ఆ నొక్కుడులో రెసిస్టర్ వాటా ఎంత, χ వాటా ఎంత అన్నది ఎలా విడదీయాలి?

లేఅవుట్‌గది
రెసిస్టర్ తీసేసి, అదే చిప్‌లో మిగిలిన రెండు ఎన్‌మాస్‌లతో కరెంట్ మిర్రర్ కట్టి కింద పెట్టండి. 6, 7, 8 ఉన్నది ఒకవైపు, 9, 10, 12 ఉన్నది ఇంకోవైపు. 9ను 7కు కలపాలి, గేట్లు 6, 10 ఒకటిగా కలిపి డయోడు వైపు డ్రెయిన్‌కు కట్టాలి. 12కు లోపల ఒక పీమాస్ డ్రెయిన్ కూడా కలిసి ఉంటుంది. దాని గేటు ఎలాగూ 10వ పిన్నే కాబట్టి సోర్సు 11ను ఎక్కడా కలపకుండా వదిలేయండి. రెసిస్టర్‌తో కరెంటు అవుట్‌పుట్‌తో పాటు మారుతుంది, మిర్రర్‌తో దాదాపు మారదు. అప్పటికీ మిగిలిన నొక్కుడు χది.

బ్రెడ్‌బోర్డు
మిర్రర్ వైపు ట్రాన్సిస్టర్‌కు కూడా λ ఉంటుంది కదా, దాన్ని ఎక్కడ లెక్కవేయాలి?

పాతసిలికాన్
ఫాలోవర్ gds పక్కనే కలపండి. గెయిన్ gm/(gm + gmbs + gds1 + gds2) అవుతుంది. అవుట్‌పుట్ మరీ కిందికి దిగి మిర్రర్ ట్రాన్సిస్టర్ ట్రయోడ్‌లోకి జారనంత వరకు gds2 చిన్నదే. జారిందో లేదో తెలియాలంటే డయోడు వైపు డ్రెయిన్ వోల్టేజీలోంచి థ్రెషోల్డ్ తీసేయండి, మిగిలినది మిర్రర్ ఓవర్‌డ్రైవ్. ఓసిల్లోస్కోప్‌లో అవుట్‌పుట్ కింది కొస దానికంటే పైనే ఉండాలి.